పునాది గుంతలో పాత క్వారీ: యజమానికి రాయాల్సిన లేఖ

పునాదులు తవ్వుతున్నప్పుడు టెండరు కాగితాల్లో చెప్పిన నేల ఒకటి, గుంతలో కనబడిన నేల మరొకటి అయితే కాంట్రాక్టరు యజమానికి వెంటనే ఒక లేఖ రాయాలి. ఆ లేఖ మూడు సంగతులు చెబుతుంది. నేలలో ఏం బయటపడిందో తెలియజేస్తుంది. ఇప్పుడేం చేయాలో చెప్పమని అడుగుతుంది. దీనివల్ల పోయే రోజులకు గడువు పొడిగించమని కోరుతుంది. రెండు పేజీలు దాటని ఈ కాగితం మీదే తర్వాత లక్షల రూపాయల లెక్కలు, జరిమానాల వివాదాలు ఆధారపడతాయి. తవ్వకంలో సాక్ష్యం నిలవదు. ఈరోజు కనబడిన మట్టి రేపు టిప్పరులో వెళ్లిపోతుంది, గుంత ఎల్లుండి కాంక్రీటుతో నిండిపోతుంది. నేల ఎలా ఉండిందో ఆరు నెలల తర్వాత చెప్పగలిగేది ఆ రోజు రాసిన లేఖ, దానితో జతపరిచిన కొలతలు, ఫొటోలు మాత్రమే.

సాయిల్ రిపోర్టు ఎంతవరకు చెబుతుంది

పెద్ద కట్టడానికి టెండరు పిలిచే ముందు యజమాని సాధారణంగా నేల పరీక్ష చేయిస్తాడు. కొన్ని చోట్ల బోర్లు వేసి, ఏ లోతులో ఎలాంటి పొర ఉందో రాసిన పట్టికను బోర్ లాగ్ అంటారు. నేల గట్టిదనం తెలుసుకోవడానికి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదిలి, అడుగున ఉన్న గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. ఆ సంఖ్యే ఎన్ విలువ. మెత్తటి పూడిక మట్టిలో అది అయిదు లోపే ఉండవచ్చు. శిథిల శిలలోకి వెళ్లేసరికి యాభై దాటి, గొట్టం ఇక దిగనని మొరాయిస్తుంది.

ఈ పరీక్ష నమ్మదగినదే. అయితే అది బోరు పడిన చోటు గురించి మాత్రమే చెబుతుంది. బోరు వ్యాసం పది, పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది. రెండు బోర్ల మధ్య ఉన్న నేల గురించి రిపోర్టులో కనిపించే గీత నిపుణుడి అంచనా. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటు నేలల్లో ఈ అంచనా తప్పడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది ప్రకృతి: ఇక్కడి రాయి సమానంగా శిథిలం కాదు. ఒకచోట పది మీటర్ల దాకా మొరం ఉంటే, పక్కనే మీటరు లోతులో పలుగుకు లొంగని బండ తగులుతుంది. రెండోది మనిషి: ఒకప్పుడు ఊరి బయట కంకర కోసం, కట్టుడు రాయి కోసం తవ్విన క్వారీలు చాలా ఉండేవి. నగరం పెరిగేకొద్దీ వాటిలో కొన్ని కూల్చిన ఇళ్ల శిథిలాలతో, చెత్తతో, మట్టితో పూడిపోయాయి. పైన చదును చేసి ప్లాటు వేశాక కింద గుంత ఉన్నట్టు కంటికి ఆనవాలు ఉండదు.

నష్టం ఎవరిది

నేల మారితే ఎవరు భరించాలన్నది ప్రతి ఒప్పందంలోనూ ఒకేలా ఉండదు. లేఖ రాసే ముందు ఒప్పందంలోని ఆ షరతును తీసి చదవడం మొదటి పని. ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడే నమూనా ఒప్పందాలు ఫిడిక్ అనే అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్యవి. వాటిని అట్టల రంగును బట్టి పిలుస్తారు. 1999లో వచ్చిన రెడ్ బుక్‌లో 4.12 అనే నిబంధన ఉంది. అనుభవజ్ఞుడైన కాంట్రాక్టరు టెండరు వేసేనాటికి సహేతుకంగా ఊహించలేని భౌతిక పరిస్థితి ఎదురై, అందుకు తగిన నోటీసు ఇస్తే, దానివల్ల పోయిన కాలానికి పొడిగింపు, అయిన అదనపు ఖర్చు అతనికి దక్కుతాయి. ఖర్చు అంటే ఖర్చే, దాని మీద లాభం కలపరు. వాతావరణం ఈ నిబంధన కిందికి రాదు. వాన పడి గుంత నిండితే దాని దారి వేరు.

అదే సంస్థ సిల్వర్ బుక్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ నేలలో ఏమున్నా ముందే ఊహించి ధర చెప్పినట్టు లెక్క, నష్టం కాంట్రాక్టరుదే. చిన్న పనులకు వాడే 1999 నాటి గ్రీన్ బుక్‌లో మధ్యలో ఇంజనీరు పాత్ర ఉండాలనే నియమం లేదు కాబట్టి లేఖ నేరుగా యజమానికే వెళ్తుంది. అందులో ఊహించలేని నేల పరిస్థితి యజమాని బాధ్యతే, కానీ కాంట్రాక్టరు ఆ సంగతిని వెంటనే తెలియజేసి ఉండాలి.

మన ప్రభుత్వ పనుల్లో చాలావరకు ఐటమ్ రేటు పద్ధతి నడుస్తుంది. మామూలు మట్టికి ఒక రేటు, గట్టి రాయికి ఒక రేటు, బ్లాస్టింగ్ నిషేధించిన చోట రాయికి ఇంకో రేటు ఉంటాయి. అక్కడ రాయి ఎక్కువ తగిలితే కొలత పుస్తకంలో ఎక్కించి ఆ రేటుకే బిల్లు ఇస్తారు. డబ్బు సమస్య కొంత అలా తీరినా గడువు దానంతట అది పెరగదు. కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పంద షరతుల్లో, జాప్యానికి కారణమైన సంఘటన జరిగిన 14 రోజుల్లోగా గడువు పొడిగింపు కోసం రాతపూర్వకంగా అడగాలని ఉంటుంది. ఎక్కడైనా రాత అవసరమే. ఎన్ని రోజుల్లో, ఎవరికి, ఏ నిబంధన కింద రాయాలన్నదే మారుతుంది.

ఊహించలేనిది అంటే ఏమిటి

తనకు తెలియదు అన్నంత మాత్రాన అది ఊహించలేనిది కాదు. ఈ సంగతిని తేల్చిచెప్పిన కేసు జిబ్రాల్టర్ విమానాశ్రయానిది. రన్‌వే తూర్పు కొన కింద నుంచి రోడ్డు, సొరంగం నిర్మించే పనిని 2008లో ఓహెచ్‌ఎల్ అనే స్పెయిన్ సంస్థ సుమారు 3 కోట్ల పౌండ్లకు ఒప్పుకుంది. గడువు రెండేళ్లు. తవ్వకంలో కలుషితమైన మట్టి ఎదురైంది. టెండరు సమాచారంలో చెప్పిన దానికంటే అది చాలా ఎక్కువని, తాము ఊహించలేకపోయామని సంస్థ వాదించింది. రెండున్నరేళ్లు గడిచినా పని నాలుగో వంతుకు కాస్త పైనే పూర్తయింది. 2011లో ఒప్పందం రద్దయింది. 2014లో లండన్ కోర్టు న్యాయమూర్తి ఏకన్‌హెడ్ సంస్థ వాదనను తోసిపుచ్చారు. ఆ నేలను సైన్యం ఏళ్ల తరబడి వాడిన చరిత్ర టెండరు కాగితాల్లోనే ఉంది. అనుభవం ఉన్న కాంట్రాక్టరు రిపోర్టులోని ఒక అంకెను పట్టుకుని కూర్చోకుండా, అంతకంటే ఎక్కువ కాలుష్యం ఉండవచ్చని తానే అంచనా వేసి ఉండాల్సిందని ఆయన తీర్పు. 2015లో అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది.

కాబట్టి లేఖ రాసే కాంట్రాక్టరు ముందుగా తనను తాను ప్రశ్నించుకోవాలి. టెండరు నాటికి చేతిలో ఉన్న రిపోర్టులు, స్థలం చూసినప్పుడు కంటికి కనిపించిన ఆనవాళ్లు, పాత సర్వే మ్యాపులు, ఇంటర్నెట్‌లో దొరికే పాత ఉపగ్రహ చిత్రాలు కలిపి చూస్తే ఈ సంగతి తెలిసేదా? తెలిసే అవకాశం ఉందని తేలినా నేలలో బయటపడిన విషయం దాచకూడదు. పునాది మార్చాలంటే యజమానికి అది ఎలాగూ తెలియాలి. మారేది గడువు, ఖర్చుల మీద హక్కు గట్టిదా బలహీనమైనదా అన్నదొక్కటే.

ఒక ఉదాహరణ

హైదరాబాద్ శివార్లలో ఒక ట్రస్టు నాలుగు అంతస్తుల ఆసుపత్రి భవనం కట్టిస్తోందని అనుకుందాం. ఒప్పందం 1999 నాటి గ్రీన్ బుక్ తరహాలో ఉంది. కాబట్టి ఉత్తరం నేరుగా ట్రస్టుకు వెళ్తుంది. భవనం పొడవు 30 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు వరుసలు, 1 నుంచి 4 వరకు నాలుగు వరుసలు, మొత్తం 24 స్తంభాలు. టెండరుతో ఇచ్చిన సాయిల్ రిపోర్టులో మూడు బోర్లు ఉన్నాయి. రెండు ఉత్తర మూలల్లో వేసినవి, ఒకటి మధ్యలో వేసినది. మూడింటిలోనూ 1.8 మీటర్ల దాకా గట్టి ఎర్రమొరం, ఆ కింద శిథిల గ్రానైటు తేలాయి. పూడిక మట్టి కనబడలేదని రిపోర్టులో స్పష్టంగా ఉంది. దాని ప్రకారం 2 మీటర్ల లోతులో చదరపు మీటరుకు 25 టన్నులు మోసే నేల ఉందని లెక్కించి ఫుటింగులు డిజైన్ చేశారు.

ఫిబ్రవరి 10 ఉదయం ఆగ్నేయ మూలలో ప్రొక్లెయిన్ తవ్వుతుండగా మొరం స్థానంలో నల్లటి తడి మట్టి, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, గ్రానైటు చెక్కులు వచ్చాయి. ఇ-3, ఇ-4, ఎఫ్-3, ఎఫ్-4 ఫుటింగులు నాలుగూ ఆ పరిధిలోనే ఉన్నాయి. 2 మీటర్ల దగ్గర అడుగు గట్టిపడలేదు. ఒకచోట యంత్రంతోనే 5.5 మీటర్ల దాకా తవ్వి చూసినా బండ తగల్లేదు. 3.8 మీటర్ల దగ్గర నీరు ఊరింది. పడమటి అంచున నిట్టనిలువుగా కోసిన గ్రానైటు గోడ, దాని మీద వరుసగా డ్రిల్లు గాట్లు కనబడ్డాయి. అది పూడ్చేసిన క్వారీ అనడానికి ఆ గాట్లే గట్టి ఆనవాలు.

ఆ రోజు సైటు ఇంజనీరు చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. ముందు ఆ మూలలో తవ్వకం ఆపించి, అంచుల చుట్టూ బారికేడ్లు కట్టించాలి. వదులు పూడికలో తవ్విన అయిదున్నర మీటర్ల గుంతలోకి ఎవరినీ దిగనివ్వకూడదు, లోతును పైనుంచే టేపుతో కొలవాలి. ఇలాంటి భద్రత చర్యలకు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. తర్వాత పూడిక అంచులను టోటల్ స్టేషన్‌తో గుర్తించి గ్రిడ్ మీద గీయించాలి. ప్రతి ఫొటోలోనూ కొలతకర్ర, గ్రిడ్ నంబరు, తేదీ కనబడేలా చూడాలి. గ్రిడ్ నంబరు లేని గుంత ఫొటో ఏ గుంతదైనా కావచ్చు. బయటకు తీసిన మట్టిలో కొంత వేరుగా కుప్ప పోయించి ఉంచాలి. ఆ మూలలో పని చేయాల్సిన యంత్రాలు, కూలీలు ఏ గంట నుంచి ఖాళీగా ఉన్నారో, ఎక్కడికి మళ్లించారో రోజువారీ రిపోర్టులో రాయించాలి. మిగిలిన 20 ఫుటింగుల పని మాత్రం ఆగకూడదు. మొత్తం సైటు ఆపేసి తర్వాత గడువు అడిగితే, ఆపాల్సిన అవసరం లేని చోట ఎందుకు ఆపారన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

లేఖ

మర్నాడే ట్రస్టుకు వెళ్లే లేఖ ఇలా ఉండవచ్చు. ఆచరణలో ఇలాంటివి ఎక్కువగా ఇంగ్లిషులోనే రాసినా వరుస ఇదే.

తేదీ: ఫిబ్రవరి 11

విషయం: ఆసుపత్రి భవనం పునాదులు – ఆగ్నేయ మూలలో ఊహించని నేల పరిస్థితి – నోటీసు, సూచనల కోసం, గడువు పొడిగింపు కోసం అభ్యర్థన

అయ్యా,

1. ఫిబ్రవరి 10 ఉదయం 10.30 గంటలకు ఇ-3, ఇ-4, ఎఫ్-3, ఎఫ్-4 ఫుటింగుల తవ్వకంలో పూడిక మట్టి బయటపడింది. అందులో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, గ్రానైటు చెక్కులు ఉన్నాయి. నేలమట్టం నుంచి 5.5 మీటర్ల లోతు వరకు గట్టి పొర తగల్లేదు. 3.8 మీటర్ల దగ్గర నీరు ఊరుతోంది. పడమటి అంచున డ్రిల్లు గాట్లున్న గ్రానైటు గోడ ఉంది. పాత క్వారీని పూడ్చినట్టు కనిపిస్తోంది.

2. టెండరుతో ఇచ్చిన సాయిల్ రిపోర్టు ప్రకారం మూడు బోర్లలోనూ 1.8 మీటర్ల కింద శిథిల గ్రానైటు ఉంది, పూడిక లేదు. బయటపడిన పూడిక అంచుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న బోరు సుమారు 7 మీటర్ల దూరంలో ఉంది. టెండరుకు ముందు స్థలం పరిశీలించినప్పుడు ఉపరితలం చదునుగా ఉంది, క్వారీ ఆనవాళ్లు లేవు. అనుభవజ్ఞుడైన కాంట్రాక్టరు దీన్ని సహేతుకంగా ఊహించగలిగేవాడు కాడని మా అభిప్రాయం. ఒప్పందంలోని సంబంధిత నిబంధన కింద ఈ లేఖను నోటీసుగా స్వీకరించగలరు.

3. ఆ నాలుగు ఫుటింగుల దగ్గర పని ఆపి బారికేడ్లు కట్టాం. మిగిలిన 20 ఫుటింగుల పని కొనసాగుతోంది.

4. ఈ కింది విషయాల్లో మీ సూచనలు కోరుతున్నాం: (అ) ఫిబ్రవరి 13 లోగా ఉమ్మడి పరిశీలనకు మీ ప్రతినిధిని పంపడం; (ఆ) అదే రోజుకల్లా ఆ మూలలో రెండు అదనపు బోర్లకు అనుమతి ఇవ్వడం; (ఇ) బోర్ల ఫలితాల మీద మీ స్ట్రక్చరల్ డిజైనర్ నాలుగు ఫుటింగుల సవరించిన డ్రాయింగులు ఇవ్వడం; (ఈ) అంతవరకు గుంతను తెరిచి ఉంచాలో, తాత్కాలికంగా పూడ్చాలో చెప్పడం.

5. దీనివల్ల భవనం పూర్తయ్యే తేదీ ఆలస్యమవుతుంది. ప్రస్తుత అంచనా 22 రోజులు. లెక్క జతపరిచాం. బోర్ల ఫలితాలు, మీ నిర్ణయం తెలిశాక దీన్ని సవరిస్తాం. అదనపు ఖర్చుల రికార్డులు నిర్వహిస్తున్నాం, వివరాలు విడిగా సమర్పిస్తాం.

జతపరిచినవి: గ్రిడ్ మీద పూడిక అంచుల పటం, 14 ఫొటోలు, బోర్ లాగ్‌ల నకలు, గడువు లెక్క.

ఆ అయిదు పేరాల్లో ఏముంది

మొదటి పేరాలో కంటికి కనబడినవి, కొలిచినవి మాత్రమే ఉన్నాయి. క్వారీ అన్న మాటను కూడా ‘కనిపిస్తోంది’ అనే రాశారు. ఆ వాక్యం అభిప్రాయం అయినా దానికి ఆధారమైన డ్రిల్లు గాట్లు పక్కనే ఉన్నాయి. ‘నేల చాలా బాగోలేదు’, ‘లూజు మట్టి వచ్చింది’ వంటి మాటలు ఇక్కడ పనికిరావు. సైటు ఎన్నడూ చూడని మనిషి ఈ పేరా చదివి డ్రాయింగు మీద ఆ చోటును పెన్సిలుతో గుర్తించగలిగితే అది సరిగ్గా రాసినట్టు.

రెండో పేరా లేఖకు గుండెకాయ. రిపోర్టు చెప్పినది, గుంతలో దొరికినది ఎదురెదురుగా నిలబెట్టి తేడా చూపిస్తుంది. తేడా చూపించకుండా కేవలం కష్టం చెప్పుకున్న లేఖకు యజమాని దగ్గర ఒక్క జవాబే సిద్ధంగా ఉంటుంది: నేల చూసుకునే కదా రేటు వేశారు. ఈ పేరాలో సాయిల్ రిపోర్టు ఇచ్చిన సంస్థను తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. మూడు బోర్లు తాము పడిన చోటు నిజమే చెప్పాయి. తప్పెవరిదన్న చర్చను నోటీసులోకి తెస్తే, తేలాల్సిన అసలు ప్రశ్న పక్కకు పోతుంది.

మూడో పేరా నష్టం తగ్గించే ప్రయత్నం మొదలైందని చెబుతుంది. నాలుగో పేరాలో కాంట్రాక్టరు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. పూడికంతా తీసి బండ దాకా లీన్ కాంక్రీటు నింపవచ్చు. బండలోకి పైల్స్ దించి వాటి మీద క్యాప్ వేయవచ్చు. లేదా ఆ మూల స్తంభాల అమరికనే మార్చవచ్చు. వీటిలో ఏది మంచిదో కాంట్రాక్టరుకు తోచినా నిర్ణయం డిజైన్ బాధ్యత ఉన్నవారిది. కాంట్రాక్టరు తనంతట తాను పూడిక తీసి కాంక్రీటు పోస్తే రెండు చిక్కులు వస్తాయి. ఆదేశం లేని పనికి డబ్బు అడిగే దారి ఇరుకైపోతుంది. రేపు ఆ మూల కుంగితే బాధ్యత అతని మెడకు చుట్టుకుంటుంది. ఏం చేయాలో చెప్పండి అని ఊరికే అడగడం కంటే ఉదాహరణలోలా విడివిడి ప్రశ్నలు, వాటికి తేదీలు పెట్టడం మేలు. ఆ తేదీ దాటితే జాప్యం ఎవరివల్ల మొదలైందో కాగితమే చెబుతుంది.

22 రోజులు ఎలా వచ్చాయి

గడువు అడిగేటప్పుడు అంకె గాల్లోంచి రాకూడదు. ఉదాహరణలో యజమాని నిర్ణయానికి 3 రోజులు, రెండు బోర్లు వేయడానికి 5 రోజులు, రిపోర్టుకు 4 రోజులు, సవరించిన డ్రాయింగులకు 7 రోజులు, పూడిక తీసి అడుగు సిద్ధం చేయడానికి 12 రోజులు అనుకున్నారు. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సినవే కాబట్టి కలిపితే 31 రోజులు. ఆ తర్వాత ఫుటింగు వేసే పని మొదటి అంచనాలో ఉన్నదే కనుక దాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకోరు.

ఆ 31 రోజులూ అడిగితే అది తప్పు లెక్క. మిగిలిన 20 ఫుటింగులు పూర్తయ్యేదాకా ఈ నాలుగింటిని వెనక్కి నెట్టవచ్చు. పని షెడ్యూలు చూస్తే అలా 9 రోజులు సర్దుబాటు అవుతుంది. దీన్నే ఫ్లోట్ అంటారు. ప్లింత్ బీములకు మాత్రం 24 ఫుటింగులూ సిద్ధంగా ఉండాలి కాబట్టి తొమ్మిదో రోజు దాటాక పోయే ప్రతి రోజూ భవనం పూర్తయ్యే తేదీని వెనక్కి జరుపుతుంది. 31 నుంచి 9 తీసేస్తే మిగిలేది 22. ఫ్లోట్‌ను తానే తీసేసి అడిగిన కాంట్రాక్టరు లెక్కను యజమాని తరఫు ఇంజనీరు నమ్మడానికి అవకాశం ఎక్కువ. నిర్ణయానికి మూడు రోజులకు బదులు పది రోజులు పడితే అదే లెక్కలో ఒక్క అంకె మార్చి, మిగతావి అలాగే ఉంచి మళ్లీ పంపవచ్చు.

లేఖ వెళ్లాక

నోటీసు, క్లెయిము ఒకటి కావు. నోటీసు త్వరగా వెళ్లాలి, అసంపూర్తిగా ఉన్నా ఫర్వాలేదు. క్లెయిము పూర్తి ఆధారాలతో తర్వాత వెళ్తుంది. 1999 రెడ్ బుక్‌లో సంగతి తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లో నోటీసు, 42 రోజుల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. 2017 కూర్పులో నోటీసుకు అదే 28 రోజులు, వివరాలకు 84 రోజులు. మన ఉదాహరణలో రెడ్ బుక్ షరతు ఉంటే నోటీసు గడువు మార్చి 10తో ముగిసేది. ఆ ఒప్పందాల్లో 28 రోజులు దాటితే గడువు, డబ్బు రెండింటి మీదా హక్కు పోతుందని స్పష్టంగా రాసి ఉంటుంది. 1999 నాటి గ్రీన్ బుక్‌లో రోజుల లెక్క కాకుండా ‘వెంటనే’ అన్న మాట ఉంది కాబట్టి మర్నాడే పంపడం సురక్షితం.

ఎక్కువమంది కాంట్రాక్టర్లు ఇక్కడే చిక్కుకుంటారు. క్వారీ బయటపడిన సాయంత్రం ట్రస్టు ప్రతినిధి ఫోనులో, ముందు తవ్వుతూ ఉండండి, చూద్దాం అంటాడు. కాంట్రాక్టరు ఆ మాట మీద పూడిక తీయిస్తాడు. నెల తర్వాత బిల్లు పెడితే ఆ మాట అన్నట్టు ఆధారం ఉండదు. నోటిమాటగా వచ్చిన సూచనను ఆ రోజే రాతలో పెట్టి, మీరు ఫోనులో ఇలా చెప్పారు, అలాగే చేస్తున్నాం అని తిరిగి పంపాలి. 1999 రెడ్ బుక్ ప్రకారం ఇంజనీరు నోటిమాటను కాంట్రాక్టరు రెండు పనిదినాల్లో రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే, దానికి ఇంజనీరు రెండు పనిదినాల్లో ఒప్పుకోననో, వేరే సూచననో రాతలో పంపకపోతే అది రాతపూర్వక సూచనతో సమానం. వాట్సాప్‌లో ఫొటోలు పంపడం వేగానికి మంచిదే. అయితే నోటీసు ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో అందాలో ఒప్పందంలో రాసి ఉంటుంది. ఆ దారిలో పంపి, అందినట్టు సంతకమో రసీదో తీసుకోవాలి.

ఉమ్మడి పరిశీలన రోజున ఇరుపక్షాలూ గుంత దగ్గర నిలబడి కొలతలు తీసి ఒకే కాగితం మీద సంతకాలు చేస్తే సగం వివాదం అక్కడే తీరుతుంది. ఆ సంతకం కొలతలకే పరిమితం, డబ్బు ఎవరివ్వాలన్నది దానివల్ల తేలదు. యజమాని ప్రతినిధి సంతకానికి వెనకాడితే ఆ మాట ముందే రాసుకోవడం మేలు. ప్రతినిధి రాకపోతే కాంట్రాక్టరు తానే కొలిచి, కొలతల నకలును అదే రోజు పంపాలి.

యజమానికి కూడా ఈ లేఖ ఉపయోగమే. పునాది డిజైను మార్చడానికి అన్నిటికంటే చవకైన సమయం గుంత తెరిచి ఉన్నప్పుడే. నోటీసు అందగానే మనిషిని పంపి, బోర్లకు అనుమతి ఇచ్చి, గడువు మీద నిర్ణయాన్ని పక్కన పెట్టకుండా చెబితే ఖర్చు 22 రోజుల దగ్గర ఆగుతుంది. జవాబు ఇస్తే బాధ్యత ఒప్పుకున్నట్టవుతుందేమో అన్న భయంతో మౌనంగా ఉంటే రోజులు గడిచేకొద్దీ జాప్యం యజమాని ఖాతాలో చేరుతుంది. హక్కులు వదులుకోకుండానే సూచనలు ఇవ్వవచ్చు. ‘ఈ సూచన సాంకేతిక అవసరం కోసం మాత్రమే, గడువు, ఖర్చుల విషయం ఒప్పందం ప్రకారం విడిగా పరిశీలిస్తాం’ అన్న ఒక్క వాక్యం చాలు.

బోర్ల ఫలితాలు వచ్చి, సవరించిన డ్రాయింగులు అంది, నాలుగు ఫుటింగులకు అడుగు సిద్ధమైన రోజున జాప్యం లెక్క ముగుస్తుంది. అప్పుడు కాంట్రాక్టరు 22 అన్న అంచనా స్థానంలో నిజంగా పోయిన రోజుల సంఖ్యను, తీసిన పూడిక కొలతలను, ఖాళీగా ఉన్న యంత్రాల రికార్డును, నింపిన కాంక్రీటు పరిమాణాన్ని పెట్టి తుది క్లెయిము సమర్పిస్తాడు. ఫిబ్రవరి 11 లేఖలోని పటం, ఫొటోలు దానికి మొదటి అనుబంధంగా జతపడతాయి. ఆ సరికి అక్కడి క్వారీ గోడ కాంక్రీటు కింద ఉంటుంది.